బోర్డు మీద టేకు సరే, పని ఎవరిది?

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో రుషికొండ చుట్టుపక్కల కొన్నేళ్లుగా ఇళ్లు, అపార్ట్‌మెంట్లు వరుసగా లేస్తున్నాయి. ఇల్లు లేచిన చోటికి వడ్రంగి వస్తాడు. నాగలి, కాడి, బండిచక్రం చేసిన కుటుంబాలకు పల్లెల్లో పని సన్నగిల్లాక, వారి పిల్లలు ఇటువైపు వచ్చి కూలికి కుదిరారు. కొందరు నాలుగు డబ్బులు వెనకేసుకుని సొంతంగా రేకుల షెడ్డు వేసి, అడిగినవారికి అడిగిన కొలతల్లో టేకు మంచాలు, బల్లలు, బీరువాలు చేసి ఇస్తున్నారు. షెడ్డు వేసిన మర్నాడే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. బోర్డు మీద ఏం రాయాలి?

ఇది చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. బోర్డులు రాసే పెయింటరు ఏదో ఒకటి చెబుతాడు, దానికే ఒప్పుకుంటారు. అందుకే దారి పొడవునా ఒకే రకం పేర్లు. కులదైవం పేరు తర్వాత ఫర్నిచర్ వర్క్స్, లేదా రాయల్, ఇంపీరియల్, వరల్డ్, ప్యాలెస్. దైవం పేరు పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. అది యజమాని భక్తి. కానీ అదే దేవుడి పేరు కిరాణా కొట్టు మీద, మోటారు మెకానిక్ షెడ్డు మీద కూడా వుంటుంది. లోపల ఏ పని జరుగుతుందో, ఎంత బాగా జరుగుతుందో ఆ పేరు చెప్పదు. రాయల్ అన్న మాట అంతకంటే తక్కువ చెబుతుంది. తయారుగా దొరికే సోఫాలు అమ్మే పెద్ద షోరూముకు ఆ పేరు నప్పుతుందేమో గానీ, ఒక్కొక్క సామానూ కొలతపెట్టి చేసే మేస్త్రికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా పెద్ద షోరూములతో పోటీకి దిగినట్టు అవుతుంది. ఆ పోటీలో ధర దగ్గరే ఆయన ఓడిపోతాడు.

ఇక కలప పేరును బోర్డుకెక్కించేవారి సంగతి. బర్మా టేక్ హౌస్ వంటి పేర్లు విశాఖలోనే కాదు, రాష్ట్రమంతటా కనిపిస్తాయి. వినడానికి బాగానే వుంటుంది, బర్మా టేకుకు తాతల కాలం నుంచి వున్న ప్రతిష్ఠ అలాంటిది. అయితే మయన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత ఆ దేశం నుంచి రావలసింది కోసిన చెక్కగానే. మన దేశపు మార్కెట్లో ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల టేకు చాలా కనిపిస్తోంది. మధ్య భారతం అడవుల కలప వుంది, మన రైతులు పొలం గట్ల మీద పెంచిన టేకూ వుంది. బోర్డు మీద బర్మా అని రాసుకున్న మేస్త్రి రేపు ఘనా టేకుతో మంచం చేస్తే ఆయన పని మంచిదే కావచ్చు, పేరు మాత్రం అబద్ధమవుతుంది. సరుకు పుట్టుక గురించి కొనేవారిని తప్పుదారి పట్టించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు తావిచ్చే విషయం. చట్టం మాట అటుంచినా, తన చేతిలో లేని వస్తువు మీద తన పేరు నిలబెట్టుకోవడం తెలివైన పని కాదు. కలప ఎక్కడి నుంచి వస్తుందో నిర్ణయించేది ఓడలూ ప్రభుత్వాలూ. చెక్కను ఎలా కోయాలో, ఎలా అతకాలో నిర్ణయించేది మేస్త్రి. బోర్డుకెక్కవలసింది ఈ రెండోది అని నా అభిప్రాయం.

దీనికి నిదర్శనం మన ఊళ్లోనే వుంది. విశాఖపట్నం చెక్కసామాను ఒకప్పుడు ఐరోపా అంతటా పేరు పొందింది. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివారు నల్లచేవ, ఇరుగుడు, టేకు వంటి కలపలో దంతపు ముక్కలు పొదిగి కుర్చీలు, పెట్టెలు, రాతబల్లలు చేసేవారు. దంతం మీద తీగెలు, పువ్వులు సన్నగా గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. సామాను ఆకారం ఇంగ్లీషు దొరల ఇళ్లకు తగినట్టు వుండేది, దాని మీది లతలు మాత్రం మన కోస్తా అద్దకం బట్టల అంచులను తలపించేవి. 1756లో ఇక్కడికి వచ్చిన జాన్ కార్నెయిల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఈ పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాశాడు. తర్వాతి కాలంలో గంధపు చెక్క పెట్టెల మీద పలుచని దంతపు రేకు అతికించి నగిషీ పెట్టే పని వచ్చింది. ఆ సామాను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ వుంది. విదేశాల్లో వేలంపాటలకు వచ్చినప్పుడు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో తెలుసా? విజగపట్నం అని, మన ఊరి పాత ఇంగ్లీషు పేరుతో. ఏ ఏనుగు దంతమో, ఏ అడవి కలపో అని కాదు. ఊరి పేరు చెబితే చాలు, ఎలాంటి పనో తెలిసినవారికి తెలిసిపోతుంది.

ఊరి పేరుకు ఆ బరువు ఊరికే రాలేదు. వేరేచోట దొరకని పనితనం ఒకటి ఇక్కడ కొన్ని తరాల పాటు ఒకే తీరుగా సాగింది. గీతలో నల్ల లక్క నింపిన దంతం చూడగానే ఇది ఫలానా ఊరిదని కొనేవాడు గుర్తుపట్టేవాడు. పేరు వెనక కంటికి కనిపించే గుర్తు వుంది. ఇది గమనించవలసిన మొదటి సంగతి.

రెండో సంగతి బాధ కలిగించేది. ఆ సామాను చేసిన వడ్రంగుల పేర్లు దాదాపు ఒక్కటీ మనకు తెలియదు. కొన్న దొరల పేర్లు తెలుసు, వారి కోటల పేర్లు తెలుసు. చేసినవాడు తన ముద్ర వేయలేదు, ఎవరూ వేయమనలేదు. ఇంచుమించు అదే కాలంలో పారిస్ నగరంలో వడ్రంగుల వృత్తిసంఘం వేరే దారి పట్టింది. ప్రతి మేస్త్రీ తాను చేసిన సామాను మీద తన పేరు ఇనుప ముద్రతో కొట్టాలని 18వ శతాబ్దం మధ్యలో నిబంధన పెట్టింది. కుర్చీ అడుగునో, బీరువా వెనకో ఆ ముద్ర వుంటుంది. అందువల్లనే ఆనాటి పారిస్ మేస్త్రులు ఎందరివో పేర్లు, ఎవరు ఏం చేశారన్నది నేటికీ చెప్పగలుగుతున్నారు. మన పనివారి నైపుణ్యం తక్కువేమీ కాదు. ముద్ర లేకపోవడమే తక్కువైంది. రుషికొండ షెడ్డు బోర్డు గురించి మాట్లాడుతూ ఈ పాత కథ ఎందుకంటే, ఈ తప్పు ఇంకా జరుగుతూనే వుంది. పల్లె నుంచి వచ్చిన కుర్రవాడు మంచం చేస్తాడు, పేరు షోరూముది. ఆ మంచం చూసి మరొకరు మెచ్చుకుంటే రెండో మంచం బేరం షోరూముకే పోతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. రుషికొండలో షెడ్డు పెట్టిన ఒక మేస్త్రి వున్నాడనుకోండి. ఇద్దరు పనివారు, ఒక రంపం మిషను. మేకులు కొట్టకుండా ఒక చెక్క కొసను కుసిగా చెక్కి, రెండోదానికి తొలిచిన బెజ్జంలో బిగించడం ఆయన ప్రత్యేకత. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప మేకు తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి ఇక్కడ ఆ పనికి విలువ ఎక్కువ. ఆయన ముందు నాలుగు పేర్లు వున్నాయి. రుషికొండ టేక్ ఫర్నిచర్, ఏటికొప్పాక వుడ్ క్రాఫ్ట్స్, చేవ, చిత్రిక.

మొదటిది ఊరు, సరుకు రెండూ చెబుతుంది, వెతికేవారికి సులువు. చిక్కు ఏమిటంటే దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ట్రేడ్ మార్కుల చట్టం 1999లోని తొమ్మిదో సెక్షన్ ప్రకారం సరుకు రకాన్ని, నాణ్యాన్ని, అది పుట్టిన చోటును మాత్రమే తెలిపే మాటలను మామూలుగా రిజిస్టర్ చేయరు. ఎన్నో ఏళ్లు వాడి, ఆ పేరు వినగానే జనం ఈ ఒక్క దుకాణాన్నే తలుచుకుంటారని రుజువు చూపితే తప్ప. పక్క షెడ్డువాడు రుషికొండ టేకు ఫర్నిచర్ మార్ట్ అని రాసుకుంటే మన మేస్త్రి చేయగలిగింది తక్కువ. పైగా మన ఊరి పేరును ఇంగ్లీషులో కొందరు యు అక్షరంతో, కొందరు ఐ అక్షరంతో రాస్తారు. ఫోన్‌లో వెతికేవాడు ఒక అక్షరం మారిస్తే వేరే దుకాణానికి పోతాడు.

రెండోదాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రతో, లక్కతో ఆ ఊరివారు చేసే పనికి అది రక్ష. పేరులో వున్న మంచిని అరువు తెచ్చుకోవాలని టేకు మంచాలు చేసేవాడు ఆ మాట వాడితే అది చిక్కుకు దారి. పక్కవాడి పనికి అన్యాయం కూడా.

మూడోది నాకెంతో ఇష్టమైన మాట. చెట్టు నడిమి గట్టి చెక్కే చేవ. చేవ వున్న మనిషి అని మనమంటాం. టేకులో మంచీచెడూ తేల్చేది కూడా అదే. చేవ బంగారు గోధుమ రంగులో వుండి, ముట్టుకుంటే కాస్త జిడ్డు తగులుతుంది. దాని చుట్టూ వున్న తెల్ల చెక్కకు పురుగు, చెద త్వరగా పడతాయి. లేత చెట్టులో తెల్ల భాగమే ఎక్కువ. పొలం గట్టు టేకును తొందరపడి కొట్టించిన రైతులకు ధర దగ్గర ఇది అనుభవమే. అయితే బోర్డు మీద చేవ అని రాసిన వడ్రంగి ప్రతి సామానులోనూ చేవే వాడి తీరాలి. ఒక్క మంచం పట్టెలో తెల్ల చెక్క కనిపించినా ఆ పేరే ఆయన మీద సాక్ష్యం చెబుతుంది. రిజిస్ట్రారు కూడా ఇది కలప నాణ్యాన్ని చెప్పే మాట అని అభ్యంతరం పెట్టవచ్చు. మాట అందమైనదే, మోయడం కష్టం.

నాలుగోది చిత్రిక. చెక్కను నున్నగా చేసే పనిముట్టు అది. చిత్రిక పట్టడం అంటే నగిషీ తేలేలా సానబెట్టడమని మనవాళ్లు మాటల్లో కూడా వాడతారు. ఈ పేరు ఏ కలప అని చెప్పదు, ఏ ఊరి సరుకని చెప్పదు. ఇక్కడ చేతిపని జరుగుతుందని మాత్రం సూచిస్తుంది. నేరుగా సరుకును వర్ణించదు కాబట్టి రిజిస్ట్రేషన్‌కు మొదటి పేరు కంటే దీనికి వీలు ఎక్కువ. మూడక్షరాలు, ఫోన్‌లో ఒకసారి చెబితే అర్థమవుతుంది. చిన్న ముద్రలో పట్టేస్తుంది. కలప ఏ దేశానిదైనా పేరు మారనక్కరలేదు. కింద చిన్న అక్షరాల్లో కొలతకు చేసే టేకు సామాను, రుషికొండ అని రాస్తే సరుకూ చోటూ కూడా తెలిసిపోతాయి. నేనైతే ఈ మేస్త్రికి దీన్నే సూచిస్తాను. చిత్రిక కాకపోతే తన ఇంటిపేరైనా పెట్టుకోవచ్చు. ఇంటిపేరు పెట్టుకున్నవాడు చెడ్డ పని చేయడానికి జంకుతాడు, అది కూడా ఒక హామీయే.

పేరు తేల్చుకోగానే బోర్డు రాయించకూడదు. ట్రేడ్ మార్కుల శాఖ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండానే పాత పేర్లు వెతికే వీలుంది. ఫర్నిచర్ 20వ తరగతిలోకి వస్తుంది. అక్కడ అదే పేరు గానీ, వినడానికి అలాగే వుండే పేరు గానీ వుంటే వదిలేసి మరొకటి చూసుకోవాలి. లేకపోతే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సొంతంగా చేసుకునే వ్యక్తికి, చిన్న పరిశ్రమకు ఆన్‌లైన్‌లో రుసుము తరగతికి రూ. 4,500. అధికారులు పరిశీలించి ఒప్పుకుంటే పత్రికలో ప్రకటిస్తారు, అప్పటినుంచి నాలుగు నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఎవరూ చెప్పకపోతే దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లకు హక్కు వస్తుంది, తర్వాత రుసుము కట్టి పొడిగించుకోవచ్చు. వలయంలో ఆర్ అక్షరం గుర్తును రిజిస్టర్ అయ్యాకనే వాడాలి, ముందే వాడడం చట్టవిరుద్ధం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. జీఎస్టీ నంబరు, ఉద్యమ్ సర్టిఫికెట్, దుకాణం లైసెన్సు వుంటే పేరు మనదైపోయిందనుకుంటారు. కాదు. అవి పన్నుకూ, పథకాలకూ, తనిఖీకీ సంబంధించినవి. వాటివల్ల పేరు మీద హక్కు పుట్టదు. రిజిస్టర్ చేయించుకోలేనివారు మొదటి రోజు నుంచీ ఆ పేరుతో తేదీ వేసిన బిల్లులు రాసి, కార్బన్ కాపీలు దాచుకోవాలి. రేపు మరొకడు అదే పేరుతో వస్తే, ముందు వాడింది తామేనని కోర్టులో చూపడానికి ఆ కాగితాలే ఆధారం.

ఇంతా చేసి పేరు పనితనాన్ని చెబుతుందా? బోర్డు ఒక్కటే చెప్పలేదు. విజగపట్నం అన్న పేరు వెనక నల్ల లక్క గీత వున్నట్టు, ఈ పేరు వెనకా కంటికి కనిపించేదేదో వుండాలి. ఆరుగురు కూర్చునే భోజనబల్లను చూద్దాం. పైపలక అయిదడుగులు మూడడుగులు, అంగుళం మందం. నాలుగు కాళ్లు, చుట్టూ పట్టెలు. చిత్రిక పట్టాక అందులో నిలిచే కలప సుమారు రెండుంబావు ఘనపుటడుగులు. కోతలో, చెక్కడంలో పోయేది కలుపుకుంటే కొనవలసింది అంతకంటే బాగా ఎక్కువే. మేస్త్రి ఆ బల్లతో పాటు ఒక కార్డు ఇవ్వాలి. కలప ఏ ప్రాంతానిది, ఎంత పట్టింది, చేవ మాత్రమేనా, మూలలు కుసి అతుకా మేకా, లోపల ప్లైవుడ్ ఎక్కడైనా వుందా, చేసినవారెవరు, ఏ నెలలో. చెక్కుడు పని మిషను మీద జరిగితే అది కూడా రాయాలి. మిషను వాడడం నేరమేమీ కాదు. పువ్వులన్నీ కంప్యూటర్ మిషను మీద చెక్కించి చేతిపని అని చెప్పడమే మోసం.

కొనేవారు బల్లను ఒకసారి తిరగేసి చూస్తే చాలు, చాలా సంగతులు తెలుస్తాయి. పలక కొస దగ్గర నిలువునా ఒకే చెక్క గీతలు కనిపిస్తున్నాయా, లేక పొరలు పొరలుగా వుండి పైన పలుచని టేకు రేకు అతికించారా అన్నది అక్కడ దాగదు. పాలిష్ పట్టని అడుగుభాగంలో తెల్ల చెక్క వుంటే కనిపిస్తుంది. కొందరు దానికి రంగు పూసి కప్పేస్తారు, అందుకే సొరుగు వెనక, పీట అడుగు చూడాలి. రుషికొండ అపార్ట్‌మెంట్లలో మరో పరీక్ష వుంది. బయట సముద్రపు తేమ, లోపల ఏసీ గాలి. సరిగా ఆరని చెక్కతో చేసిన పలక, పట్టెకు కదలకుండా బిగించేస్తే మొదటి వేసవిలోనే చీలుతుంది. పనితెలిసినవాడు స్క్రూ పట్టే రంధ్రాన్ని కాస్త పొడుగ్గా తొలిచి, పలక ముడుచుకున్నా పొంగినా జరగడానికి చోటు వదులుతాడు. చీలిన బల్ల చూసిన ఇంటావిడ చిత్రిక అన్న పేరు పక్కింటికి ఎలా చెబుతుందో ఊహించవచ్చు.

ముద్ర గురించి చివరగా రెండు మాటలు. ఇత్తడి అచ్చు ఒకటి చేయించి, వేడిచేసి బల్ల అడుగున, మంచం తలాపు వెనక కాల్చి వేయాలి. స్టిక్కర్ వద్దు, అది ఏడాదిలో ఊడిపోతుంది. అచ్చులో దుకాణం పేరు, ఊరు, సంవత్సరం వుండాలి. దాని పక్కన ఉలితో చెక్కడానికి కొంచెం చోటు వదలాలి, ఆ సామాను చేసిన పనివాడి పేరులో మొదటి అక్షరాల కోసం. యజమానులు కొందరు దీనికి ఒప్పుకోరని నాకు తెలుసు. పనివాడికి పేరొస్తే రేపు వేరే షెడ్డు పెడతాడని వారి భయం. పెట్టనివ్వండి. శ్రీకాకుళం నుంచో, చోడవరం నుంచో వచ్చి పదేళ్లు కుసులు చెక్కిన కుర్రవాడికి తన అక్షరాలు ఒక బల్ల అడుగున వేసుకునే హక్కు లేదంటే ఎలా? పైగా ఏ అతుకు వదులైనా, ఎవరు చేశారో వెతికి సరిచేయించడానికి ఆ అక్షరాలు యజమానికే అక్కరకొస్తాయి.